ఇద్దరి ఫోటోలు ఇస్తే మూడో మనిషి ముఖం ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారు, మా అబ్బాయి కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. ఇద్దరి ఫోటోలూ విడివిడిగా రిఫరెన్స్‌గా ఇచ్చి, బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నట్టు బొమ్మ చేయిస్తున్నాను. వాడుతున్నది ComfyUI అనే బొమ్మలు గీయించే సాఫ్ట్‌వేర్, అందులో ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్, ఫోటోలోని పోలికను ఆ మోడల్‌కు అందించే ఐపీ-అడాప్టర్. నాన్నగారికి అప్పుడు 65 ఏళ్లు, మీసం, కళ్లద్దాలు ఉంటాయి. అబ్బాయికి 25. ప్రతిసారీ ఇద్దరి ముఖాలూ కలిసిపోయి అన్నదమ్ముల్లా ఒకే పోలికతో వస్తున్నారు. వెయిట్ పెంచినా అంతే, ప్రాంప్ట్‌లో ఎంత వివరంగా రాసినా అంతే. ఎందుకిలా?

సమాధానం:

ఎవరెవరు ఉండాలో మోడల్‌కు మీరు చెప్పారు. ఎవరు ఎక్కడ ఉండాలో మాత్రం దానికి అందలేదు. ప్రాంప్ట్‌లో "ఎడమవైపు పెద్దాయన, కుడివైపు కుర్రవాడు" అని మీరు రాసే ఉంటారు. కానీ ఆ మాటలు ఒక దారిన వెళతాయి, ఫోటోలు మరో దారిన వెళతాయి. ఈ ఫోటో ఆ పెద్దాయనదని రెండింటినీ ముడిపెట్టేది మధ్యలో ఏదీ లేదు. అందుకే వెయిట్ పెంచితే పోలికలు విడిపోవు, కలిసిన పోలికే మరింత బలంగా పడుతుంది.

దిద్దుబాట్లకు ముందు ఒక పరీక్ష చేసి చూడండి. అబ్బాయి ఫోటో పూర్తిగా తీసేయండి. నాన్నగారి ఫోటో ఒక్కటే ఉంచి, అదే ప్రాంప్ట్, అదే సీడ్‌తో బొమ్మ చేయించండి. బెంచీ మీద ఇద్దరూ వస్తారు, ఇద్దరికీ నాన్నగారి ముఖమే ఉంటుంది. ఒకరు కాస్త పెద్ద, ఒకరు కాస్త చిన్న, అంతే తేడా. ఇక్కడ కలవడానికి రెండో ముఖమే లేదు, అయినా తప్పు జరిగింది. అంటే అసలు లోపం రెండు ఫోటోలు కలవడంలో లేదు. ఒక్కో ఫోటో బొమ్మ మొత్తానికి వర్తించడంలో ఉంది. ఒక ఫోటో బొమ్మలోని అన్ని ముఖాలకూ వర్తిస్తున్నప్పుడు, రెండు ఫోటోలు ఇస్తే రెండూ అన్ని ముఖాలకూ వర్తిస్తాయి.

ఇలా ఎందుకు తయారైందంటే, దానికి నేర్పిన పాఠమే అది. ఐపీ-అడాప్టర్ 2023లో వచ్చింది. దాని శిక్షణ పద్ధతి చాలా సరళం. ఒక బొమ్మను తీసుకుని, దాని సారాన్ని కొన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల సాయంతో అదే బొమ్మను తిరిగి గీయమంటారు. ఇలా లక్షల బొమ్మలతో సాధన చేయిస్తారు. ప్రతి సాధనలోనూ రిఫరెన్స్ ఒక్కటే, అది మొత్తం బొమ్మ గురించి మాట్లాడుతుంది. "ఇది ఎడమ సగానికి మాత్రమే, కుడివైపు ఇంకొకటి ఉంది, దాని జోలికి పోవద్దు" అనే పాఠం దానికి ఎప్పుడూ చెప్పలేదు. ఒకేసారి రెండు రిఫరెన్సులు ఇచ్చే వెసులుబాటు తరువాత వాడకంలో వచ్చింది.

ఇప్పుడు మీ ఫోటో లోపలికి వెళ్లాక ఏమవుతుందో చూద్దాం. ముందుగా అది 224×224 పిక్సెళ్ల చదరంగా కుదించబడుతుంది. సాధారణంగా చిన్న అంచును 224కి తెచ్చి, నడిమి చదరాన్ని కోస్తారు. నిలువుగా తీసిన నిండు ఫోటో ఇస్తే ఆ నడిమి చదరంలోకి ఛాతీ, చొక్కా వస్తాయి, తల సగం బయటే ఉండిపోవచ్చు. కాబట్టి రిఫరెన్స్‌ను మీరే ముఖం చుట్టూ చదరంగా కోసి ఇవ్వండి. నుదుటి మీద జుట్టు, చెవులు, గడ్డం కింద కొంచెం మెడ కనిపిస్తే చాలు. ఆ చదరం క్లిప్ అనే చిత్ర ఎన్‌కోడర్ గుండా వెళ్లి కొన్ని టోకెన్లుగా మారుతుంది. మామూలు ఐపీ-అడాప్టర్‌లో ఒక ఫోటోకు 4 టోకెన్లు, ప్లస్ రకంలో 16. ముఖానికి సంబంధించిన సమాచారమంతా ఈ కాసిని టోకెన్లలో ఇమిడి ఉండాలి. అందులో మీసం, కళ్లద్దాలు, చర్మం రంగు, దవడ ఆకారం లాంటివి ఉంటాయి. కొత్త బొమ్మలో ఈ మనిషి బెంచీకి ఏ చివర కూర్చోవాలన్నది ఉండదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆ ఫోటోకు మీ బెంచీ సంగతే తెలియదు.

అసలు కలయిక జరిగేది క్రాస్ అటెన్షన్ అనే చోట. బొమ్మలోని ప్రతి చిన్న గడి "నాకు పనికొచ్చే సమాచారం ఎవరి దగ్గర ఉంది?" అని టోకెన్లన్నింటినీ అడుగుతుంది. ప్రతి టోకెన్‌తోనూ ఆ గడికి ఎంత పొత్తు కుదిరిందో ఒక మార్కు వస్తుంది. ఆ మార్కులను మొత్తం 1 అయ్యే వాటాలుగా మారుస్తారు. చివరికి గడికి అందేది ఆ వాటాల ప్రకారం కలిపిన సగటు. ఇందులో ఒక్క విజేతను ఎంచుకునే ఏర్పాటు లేదు. ఎంత చిన్న మార్కు వచ్చిన టోకెన్‌కైనా సున్నా కాని వాటా ఉంటుంది.

అంకెలతో చూస్తే తేట పడుతుంది. తేలిక కోసం ఒక్కొక్కరికి ఒక్క టోకెనే ఉందనుకుందాం, మార్కులు కూడా నేను అనుకున్నవే. ఎడమవైపు ముఖంలో ఒక గడి ఉంది. గీత ఇంకా నాయిస్‌లోంచి బయటపడుతున్న దశలో ఆ గడికి తెలిసిందల్లా "నేను ఏదో ముఖంలో భాగం" అని మాత్రమే. నాన్నగారి టోకెన్ ముఖం గురించినదే, అబ్బాయి టోకెన్ కూడా ముఖం గురించినదే. మార్కులు 2.1, 1.9 అని వచ్చాయనుకోండి. వాటాలుగా మారిస్తే 0.55, 0.45 అవుతాయి. అంటే ఎడమ ముఖానికి నాన్నగారు 55 పాళ్లు, అబ్బాయి 45 పాళ్లు. ఇప్పుడు కుడివైపు ముఖంలో గడిని చూడండి. అది కూడా "ముఖంలో భాగం" అనే అడుగుతుంది, టోకెన్లు అవే, మార్కులూ దాదాపు అవే. దానికీ 55, 45 పాళ్లే అందుతాయి. మీ బొమ్మలో ఇద్దరూ ఒకరికొకరు అన్నదమ్ముల్లా ఉండటానికి కారణం ఇదే. మూడో మనిషి ముఖం ఒకటి పుట్టింది, అది రెండుసార్లు గీయబడింది.

అలాంటప్పుడు రెండు ఫోటోలు ఒకదానిపై ఒకటి పడినట్టు చెదిరిన గీతలు ఎందుకు కనిపించవని చాలామంది అడుగుతారు. 1870ల చివర్లో ఫ్రాన్సిస్ గాల్టన్ పలువురి ముఖాలను ఒకే ప్లేటు మీద వరుసగా ఎక్స్‌పోజ్ చేసి ఉమ్మడి ముఖచిత్రాలు తయారు చేశాడు. అక్కడ కలిసింది వెలుతురు. అందుకే ముఖం అంచుల్లో, జుట్టు దగ్గర మసక మిగిలేది. ఇక్కడ కలుస్తున్నవి పిక్సెళ్లు కావు, "దవడ ఎంత వెడల్పు, ముక్కు ఎంత పొడవు" లాంటి వర్ణనలు. వెడల్పాటి దవడకూ సన్నటి దవడకూ సగటు తీస్తే మధ్యస్థమైన దవడ వస్తుంది. మోడల్ దాన్ని చక్కగా, స్పష్టంగా గీస్తుంది. అందుకే ఈ తప్పు కంటికి తప్పులా కనిపించదు. తెలియనివారు చూస్తే బాగుందనే అంటారు. ఇంట్లోవాళ్లు మాత్రం వెంటనే పట్టేస్తారు.

మీ వర్క్‌ఫ్లోలో ఒక నోడ్‌ను ప్రత్యేకంగా చూసుకోండి. రెండు ఫోటోలను బ్యాచ్‌గా కలిపి ఒకే ఐపీ-అడాప్టర్ నోడ్‌కు ఇస్తూ ఉంటే, అందులో `combine_embeds` అనే చోట ఏముందో చూడండి. `concat` ఉంటే ఇద్దరి టోకెన్లూ విడిగా వరుసలో నిలబడతాయి, పైన చెప్పిన కలయిక గీసేటప్పుడు జరుగుతుంది. `average` ఉంటే గీత మొదలుకాకముందే ఇద్దరూ ఒకటైపోతారు. అప్పుడు లోపలికి వెళ్లేది ఒక్క మనిషే కాబట్టి, ఆ తరువాత ఎన్ని మాస్కులు పెట్టినా విడదీయలేం. ఒకే మనిషివి నాలుగు ఫోటోలు ఉన్నప్పుడు సగటు పనికొస్తుంది, ఎందుకంటే వెలుతురు, కోణం లాంటి తేడాలు కొట్టుకుపోయి మనిషి మిగులుతాడు. ఇద్దరు మనుషుల విషయంలో కొట్టుకుపోయేది మనుషులే.

ప్రాంప్ట్‌లో వివరాలు రాస్తే అసలు లాభమే లేదా అంటే, కొంత ఉంది. "తెల్ల మీసం ఉన్న పెద్దాయన" అనే మాటల వల్ల ఎడమ గడి ముందే వృద్ధుడి వైపు మొగ్గితే, నాన్నగారి టోకెన్‌తో దానికి పొత్తు పెరుగుతుంది. మార్కులు 3.0, 1.0 అయ్యాయనుకుంటే వాటాలు 0.88, 0.12 అవుతాయి. చాలా మెరుగే, కానీ 12 పాళ్లు ఇంకా కారుతూనే ఉంటాయి. ఇక్కడి నుంచే మరో సంగతి అర్థమవుతుంది. ఎంత వేరుగా ఉన్న ఇద్దరైతే అంత తక్కువ కలుస్తారు. ముసలాయన, మూడేళ్ల పాప అయితే కొంతవరకు విడిగానే వస్తారు. ఒకే వయసు అక్కాచెల్లెళ్లు అయితే దాదాపు ప్రతిసారీ ఒకటైపోతారు. మీ నాన్నగారూ మీ అబ్బాయీ ఒకే రక్తం కాబట్టి, వయసు తేడా ఉన్నా ముఖం ఎముకల తీరులో పోలిక ఉండే ఉంటుంది. ఆ పోలికే మోడల్‌ను మరింత తికమక పెడుతుంది.

ముఖం పరిమాణం కూడా దీనికి తోడవుతుంది. మీరు 1024×1024 బొమ్మ అడిగినా ఎస్‌డీఎక్స్‌ఎల్ లోపల గీసేది 128×128 గడుల మీద. అందులోనూ అటెన్షన్ పనిచేసేది 64×64, 32×32 గడుల స్థాయిల్లో. అంటే ఒక్కో గడి మీ బొమ్మలో 16 లేదా 32 పిక్సెళ్ల వెడల్పు. ఇద్దరూ నిండుగా కనిపించేలా బెంచీ గీస్తే ఒక్కో ముఖం 96 పిక్సెళ్ల వెడల్పు ఉండొచ్చు. ఆ ముఖానికి ఒక స్థాయిలో 6 గడులు, మరో స్థాయిలో 3 గడులే దక్కుతాయి. మూడు గడుల వెడల్పులో రెండు కళ్లు, ముక్కు, చెంపలు ఇమడాలి. ఆ ఇరుకులో ఒక మనిషిని మరో మనిషి నుంచి వేరుచేసే సూక్ష్మమైన తేడాలు నిలబడవు, సగటు ముఖమే నిలబడుతుంది. అదే ముఖం 300 పిక్సెళ్లు ఉంటే పెద్ద స్థాయిలో దాదాపు 19 గడులు వస్తాయి. అందుకే నిండు దేహాల బొమ్మ కంటే నడుము పైకి గీసిన బొమ్మలో పోలికలు బాగా నిలుస్తాయి.

ఇక మందు సంగతి. మొదటిది మాస్కు. ఒక్కొక్కరికి ఒక్కో ఐపీ-అడాప్టర్ నోడ్ విడిగా పెట్టి, నోడ్‌లోని `attn_mask` దగ్గర నలుపు తెలుపు బొమ్మ ఇవ్వండి. తెల్లగా ఉన్న చోటే ఆ ఫోటో వర్తిస్తుంది. ఎడమ నోడ్‌కు ఎడమ తల చుట్టూ తెలుపు, కుడి నోడ్‌కు కుడి తల చుట్టూ తెలుపు. ఇప్పుడు కుడి గడి నాన్నగారిని అడిగినా, అక్కడ ఆ జవాబు సున్నాతో గుణించబడుతుంది. 55, 45 పాళ్ల బేరమే ఉండదు. మాస్కు గీసేటప్పుడు ముఖం వరకే గుండ్రంగా కాకుండా జుట్టు, చెవులు, మెడ కలుపుకోండి. రెండు మాస్కుల నడుమ కొంత నలుపు ఖాళీ ఉండనివ్వండి. మాస్కు కూడా 32×32 గడులకు కుదించబడుతుంది కాబట్టి, 20 పిక్సెళ్ల సందు పెడితే లోపల అది ఒక్క గడి కూడా కాదు. కనీసం 64 పిక్సెళ్లు వదిలితే క్షేమం.

దాంతోపాటు, రిఫరెన్స్ ఏ దశ నుంచి పనిచేయాలో చెప్పే `start_at` విలువను 0 నుంచి 0.2 లేదా 0.3కి మార్చండి. బొమ్మలో ఎవరు ఎక్కడ, తల ఎటు తిరిగి ఉంది అన్నవి తొలి అడుగుల్లోనే ఖరారవుతాయి. ముఖం వివరాలు తరువాత వస్తాయి. రిఫరెన్స్ తొలి అడుగు నుంచే గట్టిగా పనిచేస్తే, మీరు ఇచ్చిన దగ్గరి ఫోటో కూర్పు కూడా దిగుమతి అవుతుంది. తల మాస్కు దాటి వెళ్లిపోవడం, ఒక్కోసారి ఇద్దరి బదులు ఒక్కరే రావడం ఇందువల్లే. ముందు మాటలతో ఇద్దరినీ కూర్చోబెట్టి, తరువాత పోలికలు దించాలి. 2023లో వచ్చిన ఫాస్ట్‌కంపోజర్ అనే పరిశోధన ఈ రెండు ఆలోచనల మీదే నడిచింది. శిక్షణ సమయంలోనే ఒక్కో మనిషి అటెన్షన్‌ను ఆ మనిషి ఉన్న ప్రాంతానికే కట్టేయడం, గుర్తింపును కొన్ని అడుగులు ఆలస్యంగా ప్రవేశపెట్టడం.

మాస్కు పెట్టాక చాలామంది ఇక్కడే నిరాశపడతారు. ముఖాలు విడిపోతాయి, కానీ కుర్రవాడికి కళ్లద్దాలు వచ్చేస్తాయి, లేదా ఇద్దరి చర్మం రంగూ ఒకటైపోతుంది. మాస్కు అడ్డుకున్నది ఫోటో నుంచి బొమ్మకు వచ్చే దారిని. బొమ్మలోని గడులు తమలో తాము మాట్లాడుకునే దారి, అంటే సెల్ఫ్ అటెన్షన్, తెరిచే ఉంది. కుడి కన్ను "నాలాంటి గడి ఇంకెక్కడ ఉంది?" అని చూస్తే ఎడమ కన్ను కనిపిస్తుంది, దాని చుట్టూ కళ్లద్దాల చట్రం కనిపిస్తుంది, అదే తనకూ తెచ్చుకుంటుంది. ఈ దారిని పూర్తిగా మూసేయలేం. రెండు ముఖాల మీదా ఒకే ఎండ పడినట్టు, ఒకే కెమెరాతో తీసినట్టు అనిపించడానికి కారణం కూడా ఈ దారే. అది మూస్తే రెండు బొమ్మలు అతికించినట్టు ఉంటుంది. కళ్లద్దాల లాంటి స్పష్టమైన వస్తువులను ఆపడానికి తేలిక మార్గం, తొలి బొమ్మలో ఎవరికీ కళ్లద్దాలు లేకుండా చేయించి, తరువాత నాన్నగారి ముఖం దిద్దేటప్పుడు మాత్రమే తేవడం.

అందుకే మీలాంటి పనికి నేను సిఫారసు చేసేది ఒకేసారి గీయించడం కాదు, విడతలుగా గీయించడం. ఒక ముఖం గీసే సమయంలో రెండో రిఫరెన్స్ మోడల్ కళ్లబడకపోతే కలిసే ప్రశ్నే రాదు.

మొదటి విడతలో రిఫరెన్సులు ఏవీ ఇవ్వకండి. "బెంచీ మీద 65 ఏళ్ల పెద్దాయన, పక్కన 25 ఏళ్ల యువకుడు, నడుము పైకి" అని మాటలతోనే చేయించండి. ముఖాలు ఎవరివో అయినా పరవాలేదు. చూసుకోవలసినవి మూడే: తలల మధ్య ఎడం, ముఖం కనీసం 200 పిక్సెళ్ల వెడల్పు, తల తిరిగిన కోణం. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. నాన్నగారి ఫోటో నేరుగా చూస్తున్నదైతే, బొమ్మలో పెద్దాయన పూర్తిగా పక్కకు తిరిగి ఉండకూడదు. పక్కనుంచి ఆయన ముక్కు ఎలా ఉంటుందో మోడల్ ఊహించి గీయాలి, అది ఆయన ముక్కు కాదు. మీ దగ్గరున్న ఫోటోల కోణాలు చూసుకుని దానికి దగ్గరగా ఉన్న బొమ్మనే ఎంచుకోండి.

రెండో విడతలో ఎడమ తల చుట్టూ, తలకు రెండింతల వెడల్పు చదరాన్ని కోసి 1024×1024కి పెంచండి. అందులో ముఖం, జుట్టు మాస్కు చేసి, నాన్నగారి ఫోటో ఒక్కటే ఇచ్చి ఇన్‌పెయింటింగ్ చేయండి, అంటే మాస్కు లోపలి భాగాన్ని మాత్రమే తిరిగి గీయించండి. కోసిన చదరంలోకి రెండో తల కొంచెం వచ్చినా అది మాస్కు బయట ఉండాలి. ఇప్పుడు ముఖానికి 500 పిక్సెళ్ల చోటు దొరికింది కాబట్టి గడుల కరువు కూడా తీరింది. పాత బొమ్మ ఎంత మేరకు మారాలో చెప్పే `denoise` విలువ 0.5 నుంచి 0.6 మధ్య మొదలుపెట్టండి. 0.3 దగ్గర పాత ముఖం ఎముకల తీరు అలాగే ఉండిపోయి, పైన చర్మం మాత్రం మారుతుంది. 0.8 దాటితే తల కోణం మారి, మెడతో అతుకు కుదరదు. వచ్చినదాన్ని మళ్లీ చిన్నది చేసి అదే చోట పెట్టండి. తరువాత అబ్బాయి ముఖానికి ఇదే పని, ఈసారి అబ్బాయి ఫోటోతో.

చివరిలో వెలుతురు, గరుకుదనం ఒకటయ్యేలా మొత్తం బొమ్మను ఒకసారి తేలికగా తిప్పొచ్చు. `denoise` 0.15 దాటనివ్వకండి. రిఫరెన్సులు లేకుండా 0.3 దగ్గర తిప్పితే, ఇంత కష్టపడి తెచ్చిన పోలికలను మోడల్ మళ్లీ తన సగటు వైపు లాక్కుంటుంది.

పోలిక వచ్చిందా లేదా అన్నది చూసి చూసి అలసిన కంటికి తెలియదు, పదో బొమ్మకల్లా ఏది చూసినా వచ్చినట్టే ఉంటుంది. ముఖాన్ని గుర్తుపట్టే మోడల్‌తో కొలవడం మేలు. అది ఒక్కో ముఖాన్ని 512 అంకెల వరుసగా మారుస్తుంది. రెండు వరుసల పొత్తు 1కి దగ్గరైతే ఒకే మనిషి, 0కి దగ్గరైతే సంబంధం లేని మనుషులు.

```python
import cv2
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0, det_size=(640, 640))

def faces(path):
    found = app.get(cv2.imread(path))
    return sorted(found, key=lambda f: f.bbox[0])

a = faces("father.jpg")[0].normed_embedding
b = faces("son.jpg")[0].normed_embedding
print("a-b", round(float(a @ b), 2))

for f in faces("result.png"):
    e = f.normed_embedding
    print(round(float(e @ a), 2), round(float(e @ b), 2))
```

ముందు మొదటి వరుస చూడండి. అది అసలు ఫోటోల్లో తాతా మనవళ్ల పోలిక ఎంతో చెబుతుంది, మీ కొలబద్ద అదే. తరువాతి రెండు వరుసలు ఎడమ ముఖం, కుడి ముఖం. ఎడమ ముఖానికి 0.58, 0.17, కుడి ముఖానికి 0.15, 0.61 లాంటివి వస్తే ఇద్దరూ విడిగా ఉన్నట్టు. నాలుగు అంకెలూ 0.35, 0.40 చుట్టూ ఉంటే కలిసిపోయినట్టు. లెక్క ప్రకారం చూసినా ఇది సహజమే: ఏ పోలికా లేని ఇద్దరి వరుసలకు సరిగ్గా మధ్యలో ఉన్న వరుసను తీసుకుంటే ఇద్దరితోనూ దాని పొత్తు 0.71 వస్తుంది. అంటే మూడో మనిషి ఇద్దరికీ దగ్గరివాడిలాగే లెక్కకు వస్తాడు. అందుకే ఎడమ ముఖాన్ని నాన్నగారితో మాత్రమే పోల్చి, అంకె బాగుందని సంతోషించకూడదు. అదే ముఖం అబ్బాయితో ఎంత పోలుతుందో పక్కన పెట్టి, రెండింటి తేడా చూడాలి. ఇంకొక జాగ్రత్త: మీరు ఫేస్‌ఐడీ రకం అడాప్టర్ వాడితే, అది గీసేటప్పుడు వాడే అంకెలు ఈ కొలత వాడే అంకెల రకమే. అప్పుడు కొలత ఉన్నదానికంటే ఎక్కువ మార్కులు వేస్తుంది. అక్కడ తుది మాట ఇంట్లోవాళ్ల కంటిదే.

ఇద్దరికీ చెరొక లోరా శిక్షణ ఇచ్చి రెండూ కలిపి లోడ్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే, దాంతోనే సమస్య తీరుతుందని అనుకోకండి. లోరా అంటే ఒక మనిషి పోలికను నేర్పే చిన్న అదనపు ఫైలు, అది మోడల్ తూకాలను మారుస్తుంది. రెండు లోరాలు లోడ్ చేస్తే రెండు మార్పులూ అవే తూకాలకు కూడబడతాయి, బొమ్మలోని ప్రతి గడికీ వర్తిస్తాయి. అక్కడ కూడా ఎవరు ఎక్కడో చెప్పేది ఏదీ లేదు. లోరా వల్ల ఒక్కొక్కరి పోలిక బాగా కుదురుతుంది, నిజమే. కానీ వాడవలసింది పైన చెప్పిన విడతల పద్ధతిలోనే, ఒక ముఖానికి ఒక లోరాగా.

రిఫరెన్స్ ఫోటోలను నాలుగు, పదహారు టోకెన్లుగా కుదించకుండా, ముక్కలు ముక్కలుగా నేరుగా చదివే కొత్త తరం ఎడిటింగ్ మోడళ్లు ఈ విషయంలో చాలా నయం. "మొదటి ఫోటోలోని వ్యక్తి ఎడమవైపు" అంటే ఆ మాటకూ ఆ ఫోటో ముక్కలకూ లంకె కుదిరేలా వాటికి నేర్పుతారు. అయినా లోపల ఉన్నది అదే వాటాల సగటు. ముగ్గురు, నలుగురు అయ్యేకొద్దీ, లేదా ఇద్దరూ బాగా పోలికున్నవారైతే, అక్కడా కలయిక మొదలవుతుంది.

మీరు చేస్తున్నది నాన్నగారి జ్ఞాపకం కోసం కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఏ పద్ధతిలో గీయించినా వచ్చేది ఆయనలా ఉన్న ముఖం, ఆయన ముఖం కాదు. మీ దగ్గర ఆయన ఫోటో స్పష్టంగా, తగిన కోణంలో ఉంటే, ముఖాన్ని గీయించకండి. అసలు ఫోటోలోంచి తలను కోసి మొదటి విడత బొమ్మలో పెట్టి, మెడ, జుట్టు అంచు, నీడల వరకే మాస్కు చేసి ఇన్‌పెయింటింగ్ చేయండి. కళ్లు, ముక్కు, నోరు మాస్కు బయటే ఉండాలి, చివరి తేలిక తిప్పుడు కూడా వాటిని తాకకూడదు. అబ్బాయి ఎదురుగానే ఉన్నాడు కాబట్టి ఆ బెంచీ మీద, ఆ వెలుతురులో, ఆ కోణంలో కొత్తగా ఫోటో తీసుకుని, అసలు బొమ్మకు దాన్నే పునాదిగా వాడితే సగం పని తగ్గుతుంది. అప్పుడు మోడల్ చేయవలసింది ఒక్క మనిషిని చేర్చడమే.

ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, చెంపలు దాదాపు తాకేలా కూర్చున్న బొమ్మ కావాలంటే, మాస్కుల మధ్య ఖాళీ పెట్టే వీలుండదు. అప్పుడు వెనక ఉన్న ముఖాన్ని ముందు దిద్దండి. ముందున్న ముఖాన్ని తరువాత, దాని అంచు వెనక ముఖాన్ని ఎంత కప్పుతుందో అంత మేరకు మాస్కు చేసి దిద్దండి. తిరగేసి చేస్తే, వెనక ముఖాన్ని దిద్దే మాస్కు ముందున్న ముఖం చెంపను తింటుంది, ఆ చెంప మీద రెండో మనిషి చర్మం పడుతుంది.